ఆపే శక్తి చాలామందికి ఉంది, మొదలుపెట్టే శక్తి ఎవరికి ఉంది?

ప్రశ్న: సార్, మాది అనంతపురం. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ సివిల్స్‌కి చదువుతున్నాను, ఆప్షనల్ పొలిటికల్ సైన్స్. ప్లూరలిజం ప్రకారం అధికారం చాలా గుంపుల మధ్య చీలిపోయి ఉంటుంది, ఎలీటిజం ప్రకారం కొద్దిమంది చేతిలోనే ఉంటుంది. పుస్తకాలు రెండూ కరెక్టే అన్నట్టు రాసి వదిలేస్తాయి. ఇక్కడ స్టీల్ ఫ్లైఓవర్‌ని జనమే ఆపారు కదా, అంటే ప్లూరలిజమే నిజమా?

జవాబు:

ఒక నిర్ణయాన్ని ఆపగలిగే శక్తి ప్రజాస్వామ్యంలో చాలామంది మధ్య పంచుకుని ఉంటుంది. ఆ మేరకు ప్లూరలిస్టులు చెప్పింది నిజం. కానీ ఏ విషయం ప్రభుత్వం బల్ల మీదికి రావాలో తేల్చే శక్తి, వచ్చాక ముందుకు నడిపే శక్తి కొద్దిమంది దగ్గరే ఉంటుంది. అక్కడ ఎలీటిస్టుల మాటే ఎక్కువ నిలబడుతుంది. కాబట్టి ఫ్లైఓవర్ ఆగిపోవడం ఒక్కదాన్నే చూసి ప్లూరలిజం గెలిచిందని రాయకండి. ఆ సంఘటన ఆపే శక్తి గురించి మాత్రమే చెబుతుంది.

నేను బెంగళూరులో రాజనీతిశాస్త్రం చెబుతాను. నగరపాలక నిర్ణయాల ఫైళ్లు, టెండర్ కాగితాలు, సమావేశాల మినిట్స్ చదవడం చాలా ఏళ్లుగా నా పని. ఆ పని నుంచి వచ్చిన అభిప్రాయమే ఇది.

ముందు ఈ గొడవ ఎక్కడ మొదలైందో చూద్దాం. 1953లో సామాజికశాస్త్రవేత్త ఫ్లాయిడ్ హంటర్ అమెరికాలోని అట్లాంటా నగరం మీద తన అధ్యయనాన్ని ప్రచురించాడు. ఊళ్లో ఎవరి మాట చెల్లుతుందని విషయం తెలిసినవాళ్లను అడిగాడు. వాళ్లు చెప్పిన పేర్లను వడగట్టి 40 మందిని తేల్చాడు. అందులో ఎక్కువమంది వ్యాపారులు, బ్యాంకర్లు. దాంతో నగరాన్ని నడిపేది వీళ్లేనని చెప్పాడు. రాజనీతిశాస్త్రవేత్త రాబర్ట్ డాల్‌కి ఇది నచ్చలేదు. పలుకుబడి ఉందని జనం అనుకోవడం వేరు, నిజంగా పలుకుబడి ఉండటం వేరు అన్నది ఆయన అభ్యంతరం. అందుకే యేల్ యూనివర్సిటీ ఉన్న న్యూ హేవెన్‌లో ఆయన వేరే దారి పట్టాడు. పార్టీ అభ్యర్థుల ఎంపిక, పాత నగరాన్ని కూల్చి కట్టే రీడెవలప్‌మెంట్, ప్రభుత్వ పాఠశాలలు అని మూడు రంగాలు తీసుకున్నాడు. ఒక్కో రంగంలో ముఖ్యమైన నిర్ణయాలను ఏరి, దాన్ని ఎవరు ప్రతిపాదించారు, ఎవరు వ్యతిరేకించారు, చివరికి ఎవరి మాట నెగ్గింది అని రాసుకుంటూ పోయాడు. ఒక రంగంలో నెగ్గినవాళ్లు మరో రంగంలో పెద్దగా కనిపించలేదు. మేయర్ రిచర్డ్ లీ లాంటి ఒకరిద్దరు అధికార పదవుల్లో ఉన్నవాళ్లే రంగాలు దాటి కనిపించారు. ఆయన 1961లో ప్రచురించిన ఈ ఫలితమే మీరు చదువుతున్న ప్లూరలిజానికి పునాది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. హంటర్ పేర్లు అడిగాడు, పేర్లే దొరికాయి. డాల్ తగాదాలు వెతికాడు, తగాదాల్లో రకరకాల విజేతలు దొరికారు. పద్ధతి మారితే ఫలితం మారింది. తర్వాత 1970ల్లో విలియం డామ్‌హాఫ్ అదే న్యూ హేవెన్‌ను మళ్లీ తవ్వాడు. లీ మేయర్ కాకముందు నుంచే అక్కడి వ్యాపార వర్గాల్లో రీడెవలప్‌మెంట్ ఆలోచనలు నడుస్తున్నాయని పాత కాగితాలతో వాదించాడు. అంటే డాల్ తన లెక్కను మొదలుపెట్టిన రోజుకు ముందే కొంత కథ అయిపోయిందన్నమాట. ఏ నిర్ణయాన్ని చదివినా మొదటి తేదీ ఎక్కడ పెట్టామన్నదే సగం జవాబు తేల్చేస్తుంది. నా విద్యార్థులకు నేను పదేపదే చెప్పేది ఇదే.

ఇప్పుడు మీ స్టీల్ ఫ్లైఓవర్‌ని డాల్ పద్ధతిలోనే చూద్దాం.

బసవేశ్వర సర్కిల్ నుంచి హెబ్బాళ వరకు దాదాపు 6.7 కిలోమీటర్లు. ప్రతిపాదించింది బెంగళూరు డెవలప్‌మెంట్ అథారిటీ. 2016లో రాష్ట్ర మంత్రివర్గం ఒప్పుకున్న ఖర్చు 1,791 కోట్లు. 812 చెట్లు కొట్టాలని లెక్క. ఎయిర్‌పోర్టు దారి సాఫీ అవుతుందన్నది ప్రభుత్వ వాదన. వ్యతిరేకించినవాళ్లలో ఇళ్ల సంఘాలు, పర్యావరణ కార్యకర్తలు, పట్టణ ప్రణాళిక తెలిసినవాళ్లు, ఐటీ ఉద్యోగులు అందరూ ఉన్నారు. 2016 అక్టోబర్ 16న వేలమంది రోడ్డు పక్కన చేతులు పట్టుకుని మానవహారం కట్టారు. అదే నెల చివర్లో చెన్నైలోని గ్రీన్ ట్రిబ్యునల్ దక్షిణ బెంచ్ స్టే ఇచ్చింది. ప్రతిపక్షం ముడుపుల ఆరోపణలు చేసింది, ప్రభుత్వం వాటిని ఖండించింది. 2018లో అసెంబ్లీ ఎన్నికలు ఉన్నాయి. 2017 మార్చి 2న ప్రభుత్వమే ప్రాజెక్టును వదిలేసింది.

డాల్ ఇది చూస్తే సంతోషించేవాడు. వీధి, కోర్టు, ప్రతిపక్షం, పత్రికలు, రాబోయే ఎన్నికలు, ఇలా ఏ ఒక్కరి చేతిలోనూ లేని ఎన్నో తాళంచెవులు కలిసి పనిచేశాయి. మంత్రివర్గం ఆమోదించిన ప్రాజెక్టు ఆరు నెలల లోపే ఆగింది. ముఖ్యమంత్రి, పెద్ద కాంట్రాక్టు కంపెనీ ఒకవైపు ఉన్నా ఆగింది. ఎలీటిజాన్ని మొరటుగా నమ్మేవాళ్ల దగ్గర దీనికి సరైన జవాబు లేదు. తెరవెనక పెద్దలు వద్దనుకున్నారు కాబట్టే ఆగింది అనే వాదన కూడా వింటుంటాం. ఆగినా పెద్దలే, ఆగకపోయినా పెద్దలే అంటే ఇక ఆ సిద్ధాంతాన్ని ఏ సాక్ష్యమూ తప్పని చూపలేదు. పరీక్షలో మాత్రం ఆ దారి పట్టకండి.

అయితే కథను అక్కడ ఆపకుండా ముందుకూ వెనక్కూ చూడండి. 2019 ఆరంభంలో, వేరే కూటమి ప్రభుత్వం ఉన్నప్పుడు, అదే ఫ్లైఓవర్ మాట మళ్లీ లేచింది. మళ్లీ నిరసన, మళ్లీ వెనకడుగు. ప్రతిపాదించేవాళ్లకు ఆఫీసు ఉంది, జీతం తీసుకునే ఇంజినీర్లు ఉన్నారు, ఫైలు అల్మారాలో భద్రంగా ఉంటుంది. ఆపేవాళ్లు ప్రతిసారీ ఆదివారాలు వదులుకుని, చందాలు వేసుకుని, లాయర్‌ను వెతుక్కుని మొదటి నుంచి మొదలుపెట్టాలి. ప్రతిపాదించేవాళ్లు ఒక్కసారి గెలిస్తే చాలు, కాంక్రీటు పడిపోతుంది. ఆపేవాళ్లు ప్రతిసారీ గెలవాలి.

రెండోది, అవే పౌరబృందాలు ఒక దాన్ని ఆపడమే కాదు, ఇంకొకటి కావాలని కూడా అడిగాయి. సబర్బన్ రైలు కావాలని 2016 డిసెంబర్‌లోనే ప్రచారం చేశారు. అప్పటికే ఆ డిమాండ్ చాలా పాతది. దానికి కేంద్రం ఆమోదం 2020 అక్టోబర్‌లో వచ్చింది, 2022 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. నాలుగు కారిడార్లు, 148 కిలోమీటర్లు. వద్దన్నది నెలల్లో తేలిపోయింది, కావాలన్నది మాత్రం ఏళ్ల తరబడి సాగుతోంది. రైలు, అందులోనూ కేంద్రం, రాష్ట్రం రెండూ కలిసి చేయాల్సిన పని కాబట్టి సహజంగానే ఆలస్యమవుతుందని అనొచ్చు. అది కొంతవరకు నిజమే. కానీ పైనుంచి పుట్టిన రోడ్డు ప్రాజెక్టులకు సమగ్ర ప్రాజెక్టు నివేదిక, ఆమోదం, టెండర్ ఎంత వేగంగా నడుస్తాయో పక్కన పెట్టి చూడండి, తేడా ఇట్టే తెలుస్తుంది.

ఇంతవరకు బల్ల మీదికి వచ్చిన విషయాల గురించి మాట్లాడాం. రానివాటి సంగతి ఏమిటి? ఈ ప్రశ్న వేసింది పీటర్ బక్రాక్, మార్టన్ బరాట్జ్, 1962లో. అధికారానికి రెండో ముఖం ఉంది, కొన్ని విషయాలు అసలు చర్చకే రాకుండా చూసుకోవడం కూడా అధికారమే అన్నారు. డాల్ శిష్యుడు నెల్సన్ పోల్స్‌బీ దానికి గట్టి అభ్యంతరం చెప్పాడు. జరగని సంగతులు లెక్కలేనన్ని ఉంటాయి, అందులో ఏది అధికారం వల్ల జరగలేదో ఎలా తేలుస్తారు అన్నాడు. ఇది న్యాయమైన ప్రశ్న, దీన్ని దాటకుండా ఎలీటిజం వైపు రాసే జవాబుకు బలం ఉండదు.

మాథ్యూ క్రెన్‌సన్ 1971లో దాటి చూపించాడు. ఇండియానా రాష్ట్రంలో గేరీ, ఈస్ట్ షికాగో అని పక్కపక్కనే ఉన్న రెండు ఉక్కు పట్టణాలు. రెండింటిలోనూ పొగ, రెండింటిలోనూ కార్మిక జనాభా. ఈస్ట్ షికాగో 1949లోనే గాలి కాలుష్యం మీద స్థానిక చట్టం చేసింది. గేరీకి 1962 దాకా పట్టింది. గేరీ అనేది యు.ఎస్. స్టీల్ కంపెనీ కట్టిన ఊరు, ఆ ఒక్క కంపెనీ మీదే బతికే ఊరు. ఈస్ట్ షికాగోలో కంపెనీలు చాలా ఉన్నాయి. గేరీలో కంపెనీ ఎవరినీ బెదిరించలేదు, లాబీయింగ్ పెద్దగా చేయలేదు. చాలాకాలం అవునని గానీ కాదని గానీ చెప్పకుండా ఊరుకుంది. కంపెనీకి కోపం వస్తుందేమో అన్న ఊహతోనే నాయకులు విషయాన్ని ముట్టుకోలేదు. డాల్ పద్ధతితో గేరీకి వెళ్లి ఉంటే ఏమీ దొరికేది కాదు, ఎందుకంటే అక్కడ తగాదాయే లేదు.

ఈ పాఠం మన తెలుగువాళ్లకు బాగా దగ్గరది. బెంగళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో చాలామంది తెలుగు మాట్లాడే దళిత మహిళలు, రాయలసీమ మూలాలున్నవాళ్లు. చెన్నై పారిశుద్ధ్య కార్మికుల్లోనూ తెలుగు కుటుంబాలు ఎక్కువ. వాళ్లతో తెలుగులో మాట్లాడగలను కాబట్టి ఈ విషయాన్ని నేను దగ్గరగా చూశాను. కాంట్రాక్టు పద్ధతి నడిచినన్నాళ్లూ వాళ్లకు కష్టాలు తెలియక కాదు. జీతం రెండు మూడు నెలలు ఆగేది, గ్లౌజులు ఉండేవి కావు, తాగడానికి నీళ్లు, బాత్రూమ్ లేవు. అడిగితే చిట్టా మొత్తం చెప్పేవారు. కానీ ఎవరికి ఫిర్యాదు చేయాలి? కార్పొరేషన్‌ను అడిగితే మీ యజమాని కాంట్రాక్టర్, ఆయన్నే అడగండి అనేవారు. కాంట్రాక్టర్‌ను అడిగితే కార్పొరేషన్ నుంచి బిల్లు రాలేదు అనేవాడు. గట్టిగా అడిగినవాళ్ల పేరు మరుసటి రోజు మస్టర్‌లో ఉండకపోవచ్చు. ఫిర్యాదు చేరాల్సిన చిరునామానే లేకుండా చేసిన ఏర్పాటు ఇది. ఏ మంత్రీ, ఏ కమిషనరూ వాళ్ల నోరు నొక్కమని ఆదేశం ఇవ్వాల్సిన పని లేదు, టెండర్ పత్రమే ఆ పని చేసేసింది.

జరగనిది అధికారం వల్లే జరగలేదని చెప్పాలంటే నేను మూడు సాక్ష్యాలు అడుగుతాను. ఒకటి, బాధపడేవాళ్ల నోటే ఆ బాధ వినిపించాలి, మనం ఊహించి వాళ్లకు అంటగట్టకూడదు. రెండు, అలాంటి మరో చోట అదే విషయం చర్చకు వచ్చిన ఉదాహరణ ఉండాలి, గేరీకి ఈస్ట్ షికాగో ఉన్నట్టు. మూడు, ఎక్కడ ఆగిందో చూపించే కాగితమో, నియమమో, భయమో దొరకాలి. మూడూ దొరక్కపోతే అది అధికారం కాకపోవచ్చు, పట్టించుకోకపోవడమో, డబ్బు లేకపోవడమో అయ్యుండొచ్చు.

పౌరకార్మికుల విషయంలో మొదటిదీ మూడోదీ పైన చెప్పాను. రెండోది ఎక్కడో వెతకక్కర్లేదు, అదే కార్పొరేషన్‌లో ఉంది. అదే పని చేసే పర్మనెంట్ కార్మికులకు నెలనెలా జీతం, సెలవు, పెన్షన్ ఉన్నాయి. వాళ్ల సమస్యలు యూనియన్ ద్వారా అధికారుల దాకా వెళ్లేవి.

ఆ తర్వాత ఏమైందో చూస్తే ఎలీటిజానికి కూడా హద్దు ఎక్కడుందో కనిపిస్తుంది. యూనియన్ చాలాకాలం పోరాడింది. 2018లో కాంట్రాక్టర్లను పక్కకు తప్పించి కార్పొరేషనే నేరుగా జీతం వేయడం మొదలైంది. 2022 జూలైలో రాష్ట్రమంతటా పని ఆపేశారు. నాలుగు రోజుల్లో ప్రభుత్వం రెగ్యులరైజేషన్‌కు ఒప్పుకుంది. 2025 మే 1న బెంగళూరులో 12 వేలమందికి పైగా కార్మికులకు నియామక పత్రాలు అందాయి. చదువు, డబ్బు, కులబలం ఏదీ లేనివాళ్లు సాధించుకున్నారు. పైవాళ్లదే ఎప్పుడూ పైచేయి అనే సిద్ధాంతం దీన్ని మింగలేదు.

అదే ఏడాది ఆగస్టులో చెన్నైలో ఉల్టా జరిగింది. రాయపురం, తిరు.వి.క. నగర్ జోన్ల శుభ్రతను ప్రైవేటుకు ఇవ్వొద్దని కార్మికులు అక్కడి కార్పొరేషన్ ప్రధాన కార్యాలయమైన రిపన్ బిల్డింగ్ బయట దాదాపు రెండు వారాలు కూర్చున్నారు. హైకోర్టు ఉత్తర్వు తర్వాత పోలీసులు రాత్రివేళ వాళ్లను అక్కడి నుంచి తరలించారు. అదే పని, అదే సామాజిక నేపథ్యం, రెండు చోట్లా దగ్గర్లోనే ఎన్నికలు. మరి ఫలితం ఎందుకు మారింది? నా అంచనా ఇది. బెంగళూరులో సమ్మె చేసేనాటికి కార్మికుల ఎదురుగా ఒకే యజమాని ఉన్నాడు, రాష్ట్రమంతా ఒకేసారి చెత్త ఆగింది. చెన్నైలో చాలా జోన్లు అప్పటికే ప్రైవేటు సంస్థల చేతుల్లోకి వెళ్లిపోయాయి. ఈ రెండు జోన్లలో పని ఆగినా నగరం మొత్తం ఆగలేదు. అంటే కార్మికుల బలం ఎంత అన్నది సమ్మె రోజున తేలలేదు. అంతకు ముందు ఏళ్లలో జోన్లవారీగా టెండర్లు పిలిచినప్పుడే తేలిపోయింది. ఆ టెండర్ నిర్ణయాలప్పుడు ఇంత పెద్ద గొడవ లేదు, టీవీ కెమెరాలు లేవు. అధికారం ఎక్కువగా ఉపయోగపడేది ఇలా గొడవ లేని రోజుల్లోనే.

ఇంకో ఉదాహరణ చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే బెంగళూరులో ఉండే మీ అందరికీ ఇది నేరుగా తగిలేది. ఇక్కడ కార్పొరేషన్ కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబర్‌లో ముగిసింది. ఆ తర్వాత ఐదేళ్లు దాటినా ఎన్నికలు జరగలేదు. వార్డుల విభజన, రిజర్వేషన్ల జాబితా, కోర్టు కేసులు, కొత్త చట్టం, నగరాన్ని ఐదు కార్పొరేషన్లుగా విడగొట్టడం, ఇలా ప్రతి దశలోనూ ఒక చట్టబద్ధమైన కారణం ఉంది. ఎన్నికలు వద్దు అని ఏ పార్టీ అనలేదు. అందరూ కావాలనే అన్నారు. ఈ మధ్యలో రెండు పార్టీల ప్రభుత్వాలు మారాయి. కార్పొరేటర్ లేనప్పుడు వార్డు పనుల మీద ఎమ్మెల్యే మాట, నియమితుడైన అధికారి మాట పెరుగుతాయి. దీని వెనక కుట్ర ఉందని నేను అనను, దానికి నా దగ్గర సాక్ష్యం లేదు. కానీ ఆలస్యం వల్ల నష్టపోయేవాళ్లు ఎవరూ నిర్ణయం తీసుకునే గదిలో లేరు. లోపల ఉన్నవాళ్లెవరికీ తొందర లేదు. మూడు సాక్ష్యాల్లో ఇక్కడ మొదటిది బలహీనం, అది కూడా చెప్పాలి. కార్పొరేటర్ కావాలని రోడ్డెక్కినవాళ్లు తక్కువే.

మీ పరీక్ష విషయానికొస్తే, ఎలీటిజం వైపు సి. రైట్ మిల్స్‌ను, ప్లూరలిజం వైపు డాల్‌ను ఎదురెదురుగా పెట్టి, చివర్లో రెండింటిలోనూ నిజం ఉందని ముగించే జవాబులు నేను చాలా దిద్దాను. దానికి బదులు ఒకే నిర్ణయాన్ని తీసుకుని మూడు మెట్లలో రాయండి. బహిరంగంగా ఎవరు గెలిచారు, ఆ ప్రతిపాదన ఎవరి దగ్గర పుట్టింది, పోటీకి రాకుండానే పోయిన ప్రత్యామ్నాయం ఏది. మిల్స్ చెప్పిన కంపెనీ, సైన్యం, ప్రభుత్వ పెద్దల కలయిక 1956 నాటి అమెరికా మొత్తానికి సంబంధించింది, దాన్ని యథాతథంగా ఒక భారతీయ నగరానికి అతికించవద్దు. ఇక్కడ నిర్ణయాల్లో భూమి యజమానులు, బిల్డర్లు, కాంట్రాక్టర్లు, రాష్ట్రస్థాయి నాయకుల పాత్ర ఎక్కువ. వాళ్లలో వాళ్లకే పడదు కూడా. మంత్రివర్గం మారితే ప్రాజెక్టుల వరుస మారిపోవడం మనం చూస్తూనే ఉన్నాం.

చేసి చూడాలనుకుంటే చేతికి అందేంత దగ్గర్లో ఒక కేసు ఉంది. హెబ్బాళ నుంచి సిల్క్ బోర్డు దాకా సొరంగ రోడ్డు, సుమారు 17 వేల కోట్ల ప్రాజెక్టు. లాల్‌బాగ్ పేరు రాగానే నిరసన మొదలైంది కాబట్టి పత్రికలన్నీ ఆ నిరసన చుట్టూనే తిరుగుతున్నాయి. మీరు అక్కడ మొదలుపెట్టకండి. సాధ్యాసాధ్యాల అధ్యయనాన్ని ఎవరికి, ఏ తేదీన అప్పగించారు, అందులో సొరంగంతో పోల్చి చూడమని ఇచ్చిన ప్రత్యామ్నాయాలు ఏవి, ఆ జాబితాలో బస్సులు ఉన్నాయా, ఈ మూడూ వెతకండి. టెండర్ పత్రాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, దొరకనివి ఆర్టీఐలో అడగండి. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. "అన్ని పత్రాలూ ఇవ్వండి" అని అడిగితే తిప్పి పంపేస్తారు, కన్సల్టెంట్‌కు ఇచ్చిన వర్క్ ఆర్డర్, ఏమేం అధ్యయనం చేయాలో చెప్పే దాని టర్మ్స్ ఆఫ్ రిఫరెన్స్ కాపీ అని స్పష్టంగా రాయండి. ఆ టర్మ్స్ ఆఫ్ రిఫరెన్స్ చేతికి వచ్చాక ఇక్కడ పెట్టండి, కలిసి చదువుదాం.